ఫోన్‌తో రికార్డింగ్ – 3వ పాఠం: జాన, మూర, గజం, బార

పోయిన పాఠంలో ఫోన్‌ను మాట్లాడేవారి నోటికి జానెడు దూరంలో పెట్టమన్నాను. మీరు పంపిన రికార్డింగులు విన్నాక, ఆ ఒక్క వాక్యంలో నేను చెప్పకుండా వదిలేసినవి మూడు ఉన్నాయని అర్థమైంది. అందుకే ఈసారి ఉపన్యాసం రికార్డింగును చివరికి జరిపి, ముందు వీటి సంగతి చూద్దాం.

మొదటిది, జానెడు అంటే ఎక్కడి నుంచి? ఫోన్ అంచు నుంచి కాదు, మైకు నుంచి. మాటను పట్టే ముఖ్యమైన మైకు చాలా ఫోన్లలో కింది అంచున, ఛార్జింగ్ పిన్ పెట్టేచోటు పక్కన చిన్న రంధ్రంలో ఉంటుంది. చాలామంది ఫోన్ పై అంచును మనిషి వైపు తిప్పి, అక్కడి నుంచి జాన కొలిచారు. ఫోన్ పొడవు దాదాపు 16 సెంటీమీటర్లు కాబట్టి మైకు నిజానికి మూరెడు దూరానికి దగ్గరగా పోయింది. కింది అంచును మనిషి వైపు తిప్పండి. మైకు ఎక్కడుందో అనుమానంగా ఉంటే రికార్డింగ్ ఆన్ చేసి అంచుల వెంట గోటితో మెల్లగా గీకండి. ఎక్కడ గీకితే తెర మీది గీత బాగా ఎగురుతుందో అక్కడే మైకు. కేస్ దాన్ని మూస్తోందేమో కూడా అప్పుడే చూసుకోండి.

రెండోది, మైకును నోటికి ఎదురుగా పెట్టడం. ప, బ, ఫ, భ పలికినప్పుడు నోటి నుంచి గాలి దూసుకొస్తుంది. అది నేరుగా మైకుకు తగిలితే ‘ధబ్’ మని పడుతుంది, తర్వాత దాన్ని తీయడం కష్టం. అరచేతిని నోటి ముందు పెట్టుకుని ‘పప్పు, భయం’ అనండి. గాలి తగులుతుంది. చేతిని మెల్లగా పక్కకి, గడ్డం కిందికి జరుపుతూ అవే మాటలు అనండి. గాలి తగలడం ఎక్కడ ఆగుతుందో అదే మైకు చోటు. దూరం జానెడే, దిశ మాత్రం వాలుగా.

మూడోది వదిలిపెట్టి ముందుకు వెళ్లలేను. ‘గొంతు చిన్నగా పడింది, అందుకే వాల్యూమ్ పెంచాను’ అని రాసినవారే ఎక్కువ. వాల్యూమ్ పెంచితే గొంతుతో పాటు ఫ్యాను కూడా అంతే పెరుగుతుంది. మాట స్పష్టంగా ఉండటం అంటే పెద్దగా ఉండటం కాదు, ఫ్యాను కంటే మాట ఎంత పైన ఉందన్నది. ఆ తేడా రికార్డింగ్ సమయంలోనే, అదీ దూరంతోనే వస్తుంది.

మన పాత కొలతలు దీనికి చక్కగా సరిపోతాయి. రెండు జానలు ఒక మూర, రెండు మూరలు ఒక గజం, రెండు గజాలు ఒక బార. దూరం రెట్టింపైన ప్రతిసారీ నోటి నుంచి నేరుగా వచ్చే శబ్దం 6 డెసిబెల్స్ తగ్గుతుంది. జాన నుంచి బారకి మూడు రెట్టింపులు, అంటే 18 డెసిబెల్స్ పోయినట్టే. సీలింగ్ ఫ్యాను మాత్రం ఫోన్‌ను ఎటు జరిపినా దాదాపు అంతే వినిపిస్తుంది, ఎందుకంటే అది ఎప్పుడూ దూరంగానే ఉంది. బార దూరంలో ఫ్యాను కిందికి మునిగిపోయిన గొంతు, జానెడు దూరంలో అదే గదిలో, అదే ఫ్యాను కింద తేటగా వినిపిస్తుంది.

మరి బార దూరంలో పెట్టినా మాట పూర్తిగా మాయం కాదేం? టైల్సు నేల, ఖాళీ గోడలు మాటను తిప్పికొడతాయి. నేరుగా వచ్చే గొంతు తగ్గేకొద్దీ ఈ తిరుగు శబ్దమే మిగులుతుంది. బావిలోంచి మాట్లాడినట్టు వినిపించేది ఇదే. దీనికీ మందు దగ్గరికి జరపడమే.

ఇంకొక చిక్కు. చాలా ఫోన్లు మనిషి ఆగగానే శబ్దాన్ని తమంతట తామే పెంచుతాయి. వాక్యం ముగిశాక రెండు క్షణాల మౌనాన్ని ఇయర్‌ఫోన్స్‌తో వినండి. ఫ్యాను హోరు మెల్లగా పైకి లేస్తుంటే ఫోన్ ఆ పని చేస్తోందని గుర్తు. ‘తర్వాత యాప్‌లో నాయిస్ తీసేస్తాం’ అనుకోకండి. స, శ, ష అక్షరాల్లోని బుసకూ ఫ్యాను హోరుకూ పోలిక ఉంది. హోరును గట్టిగా కోస్తే ఆ అక్షరాలు కూడా తెగిపోతాయి.

ఇప్పుడు ఒక ఇంటర్వ్యూకి దీన్ని పట్టించి చూద్దాం. మంగళగిరిలో ఒక నేత పెద్దాయన ఇల్లు. ముందు గదిలో గుంట మగ్గం, పక్కింట్లో మరొకటి నడుస్తోంది. ఫొటోకి మగ్గం పక్కన కూర్చోబెట్టడం బాగుంటుంది, మాటకి కాదు. మంచం, పరుపులు, దండెం మీద బట్టలు ఉన్న లోపలి గదిని అడగండి. బట్ట ప్రతిధ్వనిని మింగుతుంది. ఫ్రిజ్ వినిపిస్తుంటే ఇంటివాళ్లని అడిగి ఆపండి. నేనైతే నా బండి తాళాలు ఆ ఫ్రిజ్‌లోనే పెట్టమంటాను. వెళ్లేటప్పుడు తాళాల కోసం తలుపు తెరిస్తే మళ్లీ ఆన్ చేయడం మర్చిపోరు.

ఫోన్ చేత్తో పట్టుకోవద్దు, వేళ్ల రాపిడి మొత్తం పడుతుంది. మగ్గం దెబ్బ నేల గుండా, స్టూలు గుండా కూడా ఫోన్‌కి చేరుతుంది. అందుకని స్టూలు మీద నాలుగు పుస్తకాలు, వాటిపై నాలుగు మడతల తుండుగుడ్డ, దానిపై ఫోన్. మైకు అంచు పెద్దాయన వైపు, గడ్డం కిందగా, జానెడులో. మీరు మూరెడు దూరంలో కూర్చోండి. మీ ప్రశ్నలు కాస్త తక్కువగా పడితే పడనివ్వండి. ఇద్దరికీ సరిగ్గా మధ్యలో పెడితే ఇద్దరూ దూరమవుతారు, నాకది నచ్చదు. ‘తాతా, మొదటి చీర ఎప్పుడు నేశారు?’ అని అడిగాక ‘ఊఁ, ఊఁ’ అనకండి, తలూపండి. చివర్లో ఎవరూ మాట్లాడకుండా గది శబ్దం 30 సెకన్లు రికార్డు చేసుకోండి. మాటల మధ్య కోసినచోట అతకడానికి అది కావాలి. మగ్గం చప్పుడు విడిగా ఒక నిమిషం తీసుకోండి.

ఉపన్యాసం సంగతి చిన్నదే. వెనక బెంచీలో ఫోన్ పెట్టడం అంటే నాలుగు బారల దూరం, వదిలేయండి. ఉపన్యాసకుడి చొక్కా జేబులో మరో ఫోన్‌ను తలకిందులుగా, మైకు అంచు జేబు పైకి వచ్చేలా పెట్టండి. ఇంచుమించు జానెడు దూరం దానంతట అదే కుదురుతుంది. జేబులో పెన్ను, కాగితాలు తీయించండి. చీరలో ఉన్నవారికి కాలర్ మైకు పెడితే గొలుసుకి తగలని వైపు పెట్టండి, లేకపోతే తల తిప్పినప్పుడల్లా టిక్ టిక్ మంటుంది. తీగ ఉన్న 3.5 మిల్లీమీటర్ల మైకు అయితే దాని పిన్ను మీద మూడు నల్ల గీతలుండాలి. రెండే ఉంటే అది కెమెరా కోసం చేసిందై ఉంటుంది, ఫోన్ దాన్ని గుర్తించక తన సొంత మైకుతోనే రికార్డు చేస్తుంది. ఇక్కడా గోటి పరీక్షే: కాలర్ మైకుని గీకినప్పుడు గీత ఎగరాలి.

అభ్యాసం: ఒకే పేరాను హాల్లోనూ, పడకగదిలోనూ, ఫ్యాను ఒకే వేగంలో ఉంచి, జాన, మూర, గజం, బార దూరాల నుంచి ఒకే గొంతుతో చదవండి. మొత్తం ఎనిమిది ముక్కలు. గది పేరు, దూరం ఏదీ ముక్కలో చెప్పకుండా ఫైళ్లకు అంకెలు మాత్రమే పెట్టి ఇంట్లో ఒకరికి ఇవ్వండి, క్రమం మార్చి వినిపించమనండి. ఏది ఎంత దూరమో చెవితోనే చెప్పాలి. ఎనిమిదిలో ఆరు సరిగ్గా వచ్చేదాకా నాకు కొత్త ఇంటర్వ్యూలు పంపకండి.