ఒక ప్రత్యేక సాధన తెలిస్తే రికాటి సమీకరణాన్ని ఎలా సాధించాలి?

y' = P(x) + Q(x)y + R(x)y² రూపంలో ఉండే మొదటి పరిమాణ అవకలన సమీకరణాన్ని రికాటి సమీకరణం అంటారు. R సున్నా అయితే ఇది మామూలు ఏకఘాత సమీకరణమే. P సున్నా అయితే బెర్నూలీ సమీకరణం. ఆ రెండూ సున్నా కానప్పుడు దీన్ని సమాకలనాలతో సాధించే సార్వత్రిక పద్ధతి లేదు. చూడటానికి ఎంతో సులువుగా కనిపించే y' = x² + y² సాధన సైతం ప్రాథమిక ప్రమేయాలకు లొంగదు, బెస్సెల్ ప్రమేయాలను ఆశ్రయించాల్సిందే. కానీ ఎలాగైనా ఒక్క సాధన చేతికి చిక్కితే, మిగిలిన సాధనలన్నీ దాని నుంచి వచ్చేస్తాయి.

ఉదాహరణగా x > 0 కు ఈ సమీకరణాన్ని తీసుకుందాం:

y' = y² − 2/x²

ముందుగా ఒక సాధనను ఊహించాలి. ఊహ అంటే గుడ్డిగా వెతకడం కాదు, గుణకాల రూపమే దారి చూపుతుంది. ఇక్కడ y = a/x అనుకుంటే y', y², 2/x² మూడూ 1/x² కు గుణిజాలుగానే వస్తాయి కాబట్టి x పూర్తిగా రద్దయి, −a = a² − 2, అంటే a² + a − 2 = 0 మిగులుతుంది. దీని మూలాలు 1, −2. మనం y₁ = 1/x ను ఎంచుకుందాం. గుణకాలు బహుపదులైతే స్థిరాంకాన్నో, x కు సంబంధించిన చిన్న బహుపదినో ప్రయత్నించి చూడవచ్చు. ఊహించినదాన్ని అసలు సమీకరణంలో ప్రతిక్షేపించి సరిచూడకుండా మాత్రం ముందుకు వెళ్లకూడదు.

ఇప్పుడు y = y₁ + 1/v అని ప్రతిక్షేపించాలి. ఈ 1/v ఎందుకన్న సందేహం సహజమే. y = y₁ + w అని మాత్రమే రాస్తే, y₁ సాధన కావడం వల్ల w లేని పదాలన్నీ రద్దయి, w' = (Q + 2Ry₁)w + Rw² మిగులుతుంది. ఇది బెర్నూలీ సమీకరణం; ఇందులోని w² ను వదిలించుకోవడానికే w = 1/v అంటాం. రెండు మెట్లనూ కలిపి ఒకేసారి ఎక్కితే వచ్చేది:

v' + (Q + 2Ry₁)v = −R

ఇది v లో ఏకఘాత సమీకరణం. తప్పులు ఎక్కువగా దొర్లేది రెండు చోట్ల: y₁ ముందుండే 2 ను మరిచిపోవడం, కుడివైపు రుణ గుర్తును వదిలేయడం. సూత్రాన్ని గుర్తుపెట్టుకోవడం కంటే ప్రతిసారీ ప్రతిక్షేపించి రాబట్టుకోవడమే నయమని నా అభిప్రాయం, ఎందుకంటే అలా చేస్తే తప్పు తనంతట తానే బయటపడుతుంది: చివర్లో v² పదం ఇంకా మిగిలి ఉందంటే, y₁ సాధన కాదన్నమాట, లేదా లెక్క ఎక్కడో జారిందన్నమాట.

మన ఉదాహరణలో Q = 0, R = 1 కాబట్టి v' + (2/x)v = −1 వస్తుంది. దీని సమాకలన గుణకం x². ఇరువైపులా దానితో గుణిస్తే (x²v)' = −x², అంటే x²v = C − x³/3. 3C ను K అని రాసి, v ను తిరగేసి, y₁ కు కలిపితే సాధారణ సాధన:

y = 1/x + 3x²/(K − x³)

K = 0 అయితే ఇది 1/x − 3/x = −2/x అవుతుంది. మొదట్లో మనం పక్కన పెట్టిన రెండో మూలం ఇదే కాబట్టి, లెక్క సరిగ్గా సాగిందనడానికి మంచి రుజువు దొరికినట్టే. అయితే y₁ = 1/x మాత్రం K కు ఏ పరిమిత విలువ ఇచ్చినా రాదు, ఎందుకంటే 1/v ఎన్నడూ సున్నా కాలేదు. అందువల్ల దాన్ని సాధారణ సాధన పక్కనే విడిగా రాయాలి. y(1) = 1 అన్న తొలి నిబంధన ఇచ్చినప్పుడు K కోసం వెతికితే ఏమీ దొరకదు; అప్పుడు జవాబు y₁ యే.

y(1) = 2 అని ఇస్తే 1 = 3/(K − 1), కాబట్టి K = 4. అప్పుడు x³ = 4 దగ్గర, అంటే సుమారు x = 1.587 వద్ద, హారం సున్నా అయి సాధన అనంతానికి దూసుకుపోతుంది. సమీకరణాన్ని ఎంత పరిశీలించినా ఆ బిందువు దగ్గర ఏ ప్రమాదమూ కనిపించదు, గుణకం చెడేది x = 0 దగ్గర మాత్రమే. అందుకే ఈ సాధన 0 < x < 1.587 అంతరంలోనే చెల్లుతుందని జవాబుతో పాటు రాయాలి. అదే y(1) = 0 అయితే K = −2, హారం −2 − x³; x > 0 కు అది ఎక్కడా సున్నా కాదు, సాధన చివరిదాకా సాగి, x పెరిగే కొద్దీ −2/x కు చేరువవుతుంది. సాధన ఎక్కడ తెగుతుందో తొలి నిబంధనే నిర్ణయిస్తుంది కనుక, K విలువ కట్టిన వెంటనే హారం ఎక్కడ సున్నా అవుతుందో చూసుకోవాలి.