హిందీలో లీవ్ లెటర్: మేనేజర్‌కు పంపేముందు జాగ్రత్తలు

చెల్లి పెళ్లికి జూన్ 12 నుంచి 14 వరకు సెలవు కావాలనుకుందాం.

☐ హిందీలో 'అవకాశ్' అంటే సెలవే. మన 'అవకాశం' అనుకుని కొట్టేయకండి. మనం చెప్పే అవకాశాన్ని వాళ్లు 'అవసర్' అంటారు.

☐ 'కా', 'కీ' చూసుకోండి. మనవాళ్లు ఎక్కువగా తడబడేది ఇక్కడే. 'తీన్ దిన్ కా అవకాశ్' సరైనది, కానీ 'ఛుట్టీ' అని రాస్తే 'తీన్ దిన్ కీ ఛుట్టీ' అవుతుంది. చివరి వాక్యం రాసేవాళ్లను బట్టి మారుతుంది: మగవాళ్లయితే 'ఆప్‌కా ఆభారీ రహూఁగా', ఆడవాళ్లయితే 'ఆప్‌కీ ఆభారీ రహూఁగీ'. పాత లెటర్ కాపీ చేస్తే ఈ ముక్క తప్పకుండా చదవండి.

☐ 'కల్ సే' అని రాయొద్దు. కల్ అంటే రేపు, నిన్న కూడా. పైగా లెటర్ మర్నాడు చదివితే రోజే మారిపోతుంది. '12 జూన్ సే 14 జూన్ తక్' అని రాసి, '15 జూన్ కో కార్యాలయ్ మేఁ ఉపస్థిత్ హో జాఊఁగా' అని కలపండి (ఆడవాళ్లయితే 'జాఊఁగీ'). అప్పుడు 14 సెలవులో ఉందా లేదా అన్న టెన్షన్ ఉండదు.

☐ కారణం ఒక్క లైను చాలు: 'మేరీ ఛోటీ బహన్ కీ షాదీ హై.'