కవర్ ఈమెయిల్ రాయడం, మూడో పాఠం: చేసిన పనిని లెక్కలో చూపించడం

పోయిన పాఠంలో ప్రకటన చదివి, అవతలి కంపెనీకి అసలు ఏ ఇబ్బంది ఉందో పట్టుకోవడం చూశాం. ఈసారి ఈమెయిల్ మధ్యలో వచ్చే పేరా. పది పన్నెండేళ్లు మేనేజర్‌గా చేసినవాళ్లలో చాలామంది తడబడేది ఇక్కడే. చేయాల్సిన పనుల జాబితా రాసేస్తారు. కొనుగోళ్లు చూశాను, యార్డు చూశాను, నలభై మంది సిబ్బందిని చూశాను అని. ఆ కుర్చీలో ఎవరు కూర్చున్నా ఆ పనులు చేయాల్సిందే కదా, మీరు కూర్చున్నాక ఏం మారిందో అందులో కనపడదు.

ఒకే ఒక్క ఉదాహరణ తీసుకుని చివరిదాకా వెళ్దాం. చిత్తూరు దగ్గర మామిడి గుజ్జు ఫ్యాక్టరీలో యార్డు మేనేజర్ ఒకాయన ఉన్నాడనుకోండి (మనిషీ అంకెలూ లెక్క నేర్చుకోవడానికి నేను వేసుకున్నవే). శ్రీసిటీలో ఒక ప్లాంటుకు ఆపరేషన్స్ మేనేజర్ కావాలని ప్రకటన పడింది, సరుకు తెచ్చే లారీలు గేటు దగ్గర ఎక్కువసేపు ఆగకుండా చూడగలిగినవాళ్లు కావాలని అందులో ఉంది. ఆయన మొదట రాసుకున్న వాక్యం ఇది: "సీజన్‌లో తోతాపురి కాయ దిగుమతి, వేబ్రిడ్జి, యార్డు నిర్వహణ బాధ్యతలు చూశాను."

దీన్ని పక్కన పెట్టి ఆయన్ని అడగాల్సింది ఒకటే, మీరు వచ్చాక ఏం మారింది? ఆలోచించి చెప్పాడు, టోకెన్ పద్ధతి పెట్టాను, అంతకు ముందు సీజన్ ముదిరితే ట్రాక్టర్లు రాత్రంతా రోడ్డు మీదే ఉండేవి అని. అదీ అసలు విషయం. ఇప్పుడు దానికి అంకె కావాలి.

"మా దగ్గర అంకెలేం లేవండీ" అని ఎక్కువమంది అంటారు. ఉంటాయి, రిపోర్టు రూపంలో ఉండవంతే. ఈయన విషయంలో బండి వచ్చిన టైము గేటు రిజిస్టర్లో ఉంది, లోడుతో మొదటిసారి తూకం వేసిన టైము వేబ్రిడ్జి చీటీ మీద ఉంది. రెండింటికీ మధ్య తేడానే బండి ఆగిన సమయం. టోకెన్లు లేని సీజన్, టోకెన్లు పెట్టిన సీజన్ రెండూ పక్కపక్కన పెట్టి, సగటు కాకుండా మధ్య విలువ తీయండి. అంటే బండ్లను తక్కువసేపు ఆగినదాని నుంచి ఎక్కువసేపు ఆగినదాని వరకు వరసలో పెడితే సరిగ్గా నడుమ పడే బండి ఎన్ని గంటలు ఆగిందో చూడటం. ఇరుసు విరిగి రెండు రోజులు కదలని ట్రాక్టర్ ఒక్కటి ఉన్నా సగటు పైకి లేచిపోతుంది, మధ్య విలువ అంతగా కదలదు.

లెక్క వేస్తే సీజన్ మొత్తానికి 11 గంటల నుంచి 5 గంటలకు దిగింది. సగానికి పైగా తగ్గింది! ఆ మాటే రాసేయాలనిపిస్తుంది, కానీ ఆగండి. రెండో ఏడాది కాపు తక్కువ, వచ్చిన బండ్లే దాదాపు పావు వంతు తక్కువ. బండ్లు తగ్గితే క్యూ దానంతటదే తగ్గుతుంది, టోకెన్ పెట్టినా పెట్టకపోయినా. మామిడి తెలిసిన మనిషి ఇంటర్వ్యూలో మొదట అడిగేది ఇదే.

కాబట్టి రద్దీ సమానంగా ఉన్న రోజులనే పోల్చాలి. రోజుకు 60 బండ్లు దాటిన రోజులు మొదటి ఏడాది 22, రెండో ఏడాది 17 దొరికాయి. ఆ రోజుల్లో మాత్రమే చూస్తే 13 గంటలు కాస్తా 7 అయింది. అంటే దాదాపు సగం, సగానికి కొంచెం తక్కువే. మొదటి అంకె కంటే ఇది చిన్నగా కనిపిస్తుంది, అయినా ఈమెయిల్‌లో పెట్టాల్సింది దీన్నే, ఎందుకంటే ఎవరు గుచ్చి అడిగినా ఇది నిలబడుతుంది.

ఇంకో చిక్కు ఉంది, బయటివాళ్లకు తట్టదు. రిజిస్టర్లో టైము ఎప్పుడు రాస్తున్నారు? బండి రోడ్డు మీద క్యూలో చేరినప్పుడా, వాచ్‌మన్ గేటు తీసి లోపలికి వదిలినప్పుడా? ఒక ఏడాది ఒకలా, రెండో ఏడాది ఇంకోలా రాసి ఉంటే పోలిక మొత్తం పోయినట్టే. బండ్లు రోడ్డు మీదే ఆగిపోయి, రిజిస్టర్లో మాత్రం అంతా బాగున్నట్టు కనిపించవచ్చు. గేటు దగ్గర పనిచేసిన వాళ్లను అడిగి తేల్చుకోండి. ఈయన అడిగితే రెండేళ్లూ క్యూలో చేరగానే చీటీ ఇచ్చి రాశారని తెలిసింది, సరిపోయింది.

తర్వాత ఎవరి పని ఎంత అన్నది. రైతులకు ముందురోజు ఫోన్లు చేసింది కొనుగోలు విభాగం వాళ్లు. రోజుకు ఎన్ని టోకెన్లు ఇవ్వాలో గుజ్జు లైను సామర్థ్యాన్ని, యార్డులో ఖాళీని బట్టి తేల్చింది, టోకెన్ చేతికి వచ్చాకే కాయ కోయమని రైతులను ఒప్పించింది ఈయన. ఆ రెండింటికి "నేను" అని రాయాలి, ఫోన్ల దగ్గర "కొనుగోలు విభాగంతో కలిసి" అనాలి. అలా రాస్తే స్థాయి తగ్గుతుందని భయం వద్దు, చదివేవాళ్లకు మీరు వేరే విభాగాన్ని కూడా కలుపుకుని పని చేయించగలరని తెలుస్తుంది.

కొన్న ధరలు, టన్నులు, రైతుల వివరాలు పాత కంపెనీవి, అవి ఈమెయిల్‌లో రాకూడదు. గంటలు చాలు. రిజిస్టర్ ఫొటోలు సొంత మెయిల్‌కు పంపుకోవడం అస్సలు వద్దు, అనుమతి ఉన్నంతవరకు అక్కడే కూర్చుని లెక్క వేసుకుని, చివరి అంకె గుర్తుపెట్టుకుంటే సరి.

ఇప్పుడు ఈమెయిల్. మీరు చివరికి ఇంగ్లీషులో పంపినా మొదట తెలుగులో రాసుకోండి, ఎదురుగా ఉన్న మనిషికి చెబుతున్నట్టు. ఇంగ్లీషులో మొదలుపెడితే పాత రెజ్యూమెల్లోని వాక్యాలే చేతికి వచ్చేస్తాయి.

విషయం: ఆపరేషన్స్ మేనేజర్ ఉద్యోగం – రద్దీ రోజుల్లో బండి ఆగే సమయం 13 నుంచి 7 గంటలకు

"నమస్కారం అండీ. సరుకు లారీలు మీ గేటు దగ్గర ఎక్కువసేపు ఆగకూడదని ప్రకటనలో రాశారు. చిత్తూరు దగ్గర మామిడి గుజ్జు ఫ్యాక్టరీ యార్డులో నేను పనిచేసింది ఈ సమస్య మీదే.

రోజుకు 60కి పైగా బండ్లు వచ్చే రోజుల్లో, క్యూలో చేరినప్పటి నుంచి మొదటి తూకం వరకు ఒక బండి ఆగే సమయం 13 గంటలు ఉండేది. తర్వాతి సీజన్‌లో అంతే రద్దీ ఉన్న రోజుల్లో అది 7 గంటలకు వచ్చింది. లైను సామర్థ్యాన్ని బట్టి రోజువారీ టోకెన్ల సంఖ్య నిర్ణయించాను, టోకెన్ వచ్చాకే కాయ కోసేలా రైతులను ఒప్పించాను. ముందురోజు సమాచారం ఇచ్చే పని కొనుగోలు విభాగంతో కలిసి నడిపాం.

మీ దగ్గర లారీలు ఏ గంటల్లో ఎక్కువగా వస్తాయో తెలిస్తే, ఇందులో ఏది పనికొస్తుందో మాట్లాడుకోవచ్చు. రెజ్యూమె జతచేశాను."

అంతే. సిబ్బంది సంఖ్య, మిగతా బాధ్యతలు రెజ్యూమెలో ఉంటాయి, ఇక్కడికి తేవద్దు. రెండో విజయం ఉన్నా పెట్టవద్దంటాను, ప్రకటనలో దానికి సంబంధించిన మాట ఉంటే తప్ప.

ఈ వారం అభ్యాసం: మీరు వచ్చాక మారిన పని ఒకటి తీసుకోండి, దాని ముందు అంకె, తర్వాతి అంకె ఏ రిజిస్టర్లో, ఏ చీటీలో దొరుకుతాయో రాయండి. దాని కిందే, మీరేం చేయకపోయినా ఆ అంకె మారడానికి ఉన్న కారణం ఒకటి రాసి, దాన్ని ఎలా తీసేసి పోల్చాలో చూడండి. ముందటి అంకె ఎక్కడా దొరకని పనులు కొన్ని ఉంటాయి, వాటిని ఎలా చెప్పాలో నాలుగో పాఠంలో.