యాంకర్‌కు మన పరిచయం పంపే ముందు

నల్లగొండలో ఒక సభకు నేను పంపిన పరిచయంలో "ఎం.ఎస్సీ. (కెమిస్ట్రీ), 22+ ఏళ్ల అనుభవం" అని ఉంది. యాంకర్ బ్రాకెట్ దగ్గర ఆగింది, ప్లస్ దగ్గర మళ్లీ ఆగింది. తప్పు ఆమెది కాదు. కంటి కోసం రాసింది నోటికి ఇచ్చాను.

అప్పటి నుంచి ఇవి చూసుకుంటున్నా.

• ముందు క్రియలు. "చేశాను" అని రాస్తే యాంకర్ అక్కడికక్కడే "చేశారు" అని మార్చుకోవాలి. ఎక్కడో ఒకచోట నాలుక జారుతుంది. మన గురించి మనమే "ఆయన", "చేశారు" అని రాసుకోవడం సిగ్గే, అయినా రాయాలి. "గారు" పేరు పక్కన ఒక్కసారి చాలు.

• బ్రాకెట్లు, గుర్తులు తీసేసి, అంకెలు అక్షరాల్లో రాయండి. నాది ఇలా మార్చాను: "ఈరోజు మన వక్త కెమిస్ట్రీ లెక్చరర్. పటిక, సున్నం, బ్లీచింగ్ పౌడర్‌తో నీళ్లలో ఫ్లోరైడ్ తగ్గించే నల్లగొండ పద్ధతిని ఇరవై రెండేళ్లుగా పిల్లలకు చేసి చూపిస్తున్నారు. ఆయనను వేదిక మీదికి ఆహ్వానిస్తున్నాం." ఆ వెంటనే పేరు. మొదట్లోనే పేరు చెబితే చప్పట్లలో మిగతా వాక్యాలు కొట్టుకుపోతాయి.

• ఇంటిపేరు పొడి అక్షరంగా కాక పూర్తిగా రాయండి. ఫోన్‌లో ఒకసారి యాంకర్‌తో పలికించి వినండి.

• "గత ఏడాది" వద్దు, సంవత్సరమే రాయండి.

• పైకి చదివితే నిమిషం దాటుతోందా? అవార్డుల నుంచి కోయండి.