విదేశీ కోర్టు విడాకులతో ఇక్కడ మళ్లీ పెళ్లి: డిక్రీతో పాటు ఉండాల్సిన కాగితాలు

అమెరికాలోనో బ్రిటన్‌లోనో విడాకులు మంజూరైన వారు ఇక్కడికి వచ్చి మళ్లీ పెళ్లి చేసుకోవాలనుకున్నప్పుడు మొదట అడిగే ప్రశ్న, ఆ డిక్రీని మన దేశంలో ఎక్కడ రిజిస్టర్ చేయించాలి అని. విదేశీ విడాకుల డిక్రీని రిజిస్టర్ చేసే కార్యాలయం మన దేశంలో ఎక్కడా లేదు. అయినా, డిక్రీని ఇక్కడ చెల్లేలా చేయించి ఇస్తామని డబ్బు తీసుకునే దళారులు ఉన్నారు. వారు చివరికి చేతిలో పెట్టేది చాలాసార్లు ఒక నోటరీ అఫిడవిట్, దాని మీద నాలుగు ముద్రలు. అలాంటి కాగితాన్ని నమ్ముకుని ముహూర్తం పెట్టుకుని, అవతలి వైపు వారి వకీలు అడిగిన ఒక్క ప్రశ్నకు జవాబు దొరక్క పెళ్లి ఆపుకున్న కుటుంబాలను ఫ్యామిలీ కోర్టు ఆవరణలో చూశాను. ఆ ప్రశ్న ఏమిటో, దానికి జవాబుగా ఏ కాగితం చూపాలో చెప్పడానికే ఇది రాస్తున్నాను. ఇక్కడ చెప్పేదంతా హిందూ వివాహ చట్టం కింద పెళ్లయిన వారికి వర్తిస్తుంది. ఇతర వివాహ చట్టాల కింద పెళ్లయిన వారికి విడాకుల కారణాలు వేరుగా ఉంటాయి.

విదేశీ తీర్పు మన దగ్గర చెల్లుతుందా లేదా అనేది సివిల్ ప్రొసీజర్ కోడ్ 13వ సెక్షన్ నిర్ణయిస్తుంది. ఆ సెక్షన్ ప్రకారం విదేశీ తీర్పు సాధారణంగా చెల్లుతుంది. అయితే తీర్పిచ్చిన కోర్టుకు ఆ వివాదం మీద అధికార పరిధి లేకపోయినా, తీర్పు కేసు మంచిచెడ్డలను విచారించి ఇచ్చింది కాకపోయినా, వర్తించాల్సిన భారత చట్టాన్ని పక్కన పెట్టినా, సహజ న్యాయ సూత్రాలకు విరుద్ధంగా ఉన్నా, మోసంతో సంపాదించినదైనా, మన చట్టాన్ని ఉల్లంఘించే హక్కును నిలబెట్టినా అది చెల్లదు. విడాకుల విషయంలో ఈ మాటలకు అసలు అర్థం ఏమిటో సుప్రీంకోర్టు 1991 జూలై 9న ఇచ్చిన తీర్పులో విప్పి చెప్పింది. సుప్రీంకోర్టు తీర్పులను ప్రచురించే ఎస్.సి.సి. 1991 మూడో సంపుటం 451వ పేజీలో ఉన్న ఆ తీర్పు మన తెలుగు నేల మీద పుట్టిన కేసులోనిదే. పెళ్లి 1975లో తిరుపతిలో జరిగింది. భర్త అమెరికాలోని మిస్సోరి రాష్ట్ర కోర్టులో, దాంపత్యం తిరిగి అతకనంతగా విరిగిపోయిందన్న కారణం మీద విడాకులు పొంది, 1981లో యాదగిరిగుట్టలో మరో పెళ్లి చేసుకున్నాడు. మొదటి భార్య మిస్సోరి కోర్టుకు అభ్యంతరం తెలుపుతూ జవాబు పంపిందే తప్ప ఆ కోర్టు అధికారానికి లోబడలేదు. ఆమె ద్విభార్యత్వం కింద ఫిర్యాదు చేసింది. భర్త తరఫున దాఖలైనది డిక్రీ ఫొటోస్టాట్ నకలు. అది సాక్ష్యంగా పనికిరాదని హైకోర్టు అంది. సుప్రీంకోర్టు అంతటితో ఆగకుండా, అసలు డిక్రీయే ఇక్కడ చెల్లదని చెప్పింది.

ఆ తీర్పులోని సూత్రం ఇది. ఏ చట్టం కింద పెళ్లయిందో ఆ చట్టం ఒప్పుకునే కోర్టు, ఆ చట్టం ఒప్పుకునే కారణం మీద ఇచ్చిన విడాకులే చెల్లుతాయి. దీనికి మూడు మినహాయింపులు ఉన్నాయి. మొదటిది, ప్రతివాది శాశ్వతంగా నివసించే దేశంలోనే కేసు వేసి, మన చట్టంలో ఉన్న కారణం మీద విడాకులు పొందడం. రెండవది, ప్రతివాది తన ఇష్టంతో ఆ కోర్టుకు హాజరై, మన చట్టంలో ఉన్న కారణం మీదే కేసును ఎదుర్కోవడం. మూడవది, ఆ కోర్టుకు మన చట్టం ప్రకారం అధికారం లేకపోయినా, విడాకులు ఇవ్వడానికి ప్రతివాది ఒప్పుకోవడం. విదేశాల్లో విడాకులు తీసుకునే మనవాళ్లలో ఎక్కువమందికి పనికొచ్చేది ఈ మూడవ దారే. దంపతుల్లో అవతలి వ్యక్తి ఒప్పుకున్నారని దేనితో చూపిస్తారు? పెళ్లి ఆపిన ప్రశ్న ఇదే.

డిక్రీ ఒక్కటే ఈ ప్రశ్నకు ఎందుకు జవాబు చెప్పలేదో ఒక ఉదాహరణతో చెబుతాను. వ్యక్తులను గుర్తుపట్టకుండా వివరాలు మార్చాను. గుంటూరు యువకుడికి 2016లో గుంటూరులోనే పెళ్లయింది. ఇద్దరూ టెక్సాస్‌లోని డాలస్ దగ్గర కాపురం పెట్టారు. 2020 నుంచి విడివిడిగా ఉన్నారు. 2022లో అతను అక్కడి జిల్లా కోర్టులో కేసు వేశాడు. భార్య గొడవ లేకుండా ముగించాలనుకుంది కనుక, సమన్లు అందజేయనక్కర్లేదని నోటరీ ముందు ఒక పత్రం మీద సంతకం చేసింది. దాన్ని అక్కడ వేవర్ ఆఫ్ సర్వీస్ అంటారు. తుది డిక్రీ ముసాయిదా చివర కూడా ఇద్దరూ సంతకాలు చేశారు. కోర్టు విడాకులు మంజూరు చేసింది. రెండేళ్ల తరువాత సంబంధం కుదిరినప్పుడు అతని దగ్గర ఉన్నది కోర్టు వెబ్‌సైటు నుంచి తీసుకున్న డిక్రీ ప్రింటు మాత్రమే. అందులో చివరి పేజీ, అంటే సంతకాలున్న పేజీ, లేదు. మొదటి పేజీలో మాత్రం ప్రతివాది వేవర్ దాఖలు చేసిందని, ఆపై కోర్టుకు హాజరు కాలేదని రాసి ఉంది. విడాకుల కారణంగా టెక్సాస్ చట్టంలోని ఇన్‌సపోర్టబిలిటీ, అంటే కలిసి బతకడం సాధ్యం కాదన్న కారణం, పేర్కొన్నారు. ఆ కారణం హిందూ వివాహ చట్టంలో లేదు. ఈ రెండు వాక్యాలే చదివిన వకీలుకు ఇది ఎక్స్‌పార్టీ డిక్రీలాగే, అంటే అవతలి పక్షం లేకుండా ఇచ్చిన డిక్రీలాగే కనిపిస్తుంది. అలా అనుకున్నందుకు ఆయన్ను తప్పుపట్టలేం.

నిజానికి ఆ యువకుడి విడాకులు బలమైనవే. ఇద్దరూ ఏడాదికి మించి విడిగా ఉన్నారు, ఇద్దరూ ఒప్పుకున్నారు, మన చట్టంలోని 13-బి సెక్షన్ కింద పరస్పర అంగీకార విడాకులకు కావలసిన సారం అంతా ఉంది. లేనిది దాన్ని చూపించే కాగితం. అతను డాలస్‌లోని జిల్లా కోర్టు క్లర్కు కార్యాలయం నుంచి మూడు పత్రాల సర్టిఫైడ్ నకళ్లు తెప్పించుకున్నాడు: తాను వేసిన పిటిషన్, భార్య నోటరీ ముందు సంతకం చేసిన వేవర్, సంతకాల పేజీతో సహా మొత్తం డిక్రీ. వీటిలో రెండవదే ప్రాణం. విడాకులు తీసుకునే రోజున దీన్ని ఎవరూ అడగరు కనుక ఎవరూ తెచ్చుకోరు. మీ కేసులో వేవర్ లేకపోతే దాని స్థానంలో సమన్లు అందిన రుజువు, అవతలి వ్యక్తి దాఖలు చేసిన జవాబు, ఒప్పంద పత్రం, విచారణకు హాజరైనట్టు చూపే కోర్టు రికార్డు, వీటిలో ఏవి ఉంటే అవి కావాలి. సమన్లు అందిన రుజువు ఒక్కటే ఉంటే అంగీకారం రుజువైనట్టు కాదు. నోటీసు అందడం వేరు, ఒప్పుకోవడం వేరు.

ఇక అపోస్టిల్, అంటే విదేశీ పత్రం నిజమైనదని ఆ దేశ అధికారులు ఇచ్చే ధ్రువీకరణ, దాని సంగతి. హేగ్ ఒప్పందంలో చేరిన దేశాల నుంచి వచ్చే పత్రాలకు అపోస్టిల్ వేయించాలి. మన దేశంలో ఆ ఒప్పందం 2005 నుంచి అమల్లో ఉంది. అమెరికాలో రాష్ట్ర కోర్టు పత్రాలకు ఆ రాష్ట్ర సెక్రటరీ ఆఫ్ స్టేట్ కార్యాలయం దీన్ని ఇస్తుంది కనుక, టెక్సాస్ పత్రానికి ఆస్టిన్‌లోనే దొరుకుతుంది. కెనడాలో ఇది 2024 జనవరి నుంచి అమల్లోకి వచ్చింది. యూఏఈ ఆ ఒప్పందంలో లేదు కనుక అక్కడి పత్రాలకు ఆ దేశ విదేశాంగ శాఖ ముద్ర, ఆ తరువాత మన రాయబార కార్యాలయ ధ్రువీకరణ అవసరమవుతాయి. డిక్రీ ఇంగ్లీషులో కాకుండా మరో భాషలో ఉంటే ధ్రువీకరించిన అనువాదం జతచేయాలి. ఇవి కష్టమైన పనులు కావు. ఇక్కడ గుర్తుంచుకోవలసింది ఒక్కటే. అపోస్టిల్ ఆ పత్రం మీది సంతకం, ముద్ర నిజమైనవని మాత్రమే చెబుతుంది. ఆ తీర్పు భారతదేశంలో చెల్లుతుందని అది చెప్పదు. భార్యకు తెలియకుండా పొందిన డిక్రీకి అపోస్టిల్ వేయించినా అది భార్యకు తెలియకుండా పొందిన డిక్రీగానే మిగులుతుంది.

డిక్రీ తుది డిక్రీయేనా అన్నది కూడా చూసుకోవాలి. ఇంగ్లండ్‌లో మొదట వచ్చే డిక్రీ నైసై, 2022 ఏప్రిల్ తరువాతి కేసుల్లో కండిషనల్ ఆర్డర్, విడాకులు కావు. దాని తరువాత వచ్చే డిక్రీ అబ్సల్యూట్ లేదా ఫైనల్ ఆర్డర్ వచ్చాకే వివాహం రద్దవుతుంది. ఆస్ట్రేలియాలో మామూలుగా ఆర్డరు ఇచ్చిన ఒక నెల ఒక రోజుకు విడాకులు అమల్లోకి వస్తాయి. టెక్సాస్‌లో డిక్రీ వచ్చాక ముప్ఫయి రోజులు దాటేవరకు వేరొకరిని పెళ్లాడడానికి వీల్లేదు. మన హిందూ వివాహ చట్టం 15వ సెక్షన్ కూడా అప్పీలు గడువు ముగిసి, అప్పీలు లేదని తేలాకే మళ్లీ పెళ్లిని అనుమతిస్తుంది. అందుకే అప్పీలు దాఖలు కాలేదని ఆ కోర్టు క్లర్కు ఇచ్చే ధ్రువపత్రాన్ని కూడా మిగిలిన నకళ్లతో పాటే అడిగి తీసుకుంటే మంచిది.

అవతలి వ్యక్తి ఒప్పుకోలేదు, హాజరు కాలేదు, విడాకుల కారణమూ మన చట్టంలో లేదు అంటే, కాగితాలు ఎన్ని పోగుచేసినా ప్రయోజనం లేదు. ఇలాంటి వారు భయపడి కూర్చోనక్కర్లేదు, దారి ఉంది. అవతలి వారు ఇప్పుడైనా సుముఖంగా ఉంటే, ఇక్కడి ఫ్యామిలీ కోర్టులో 13-బి కింద ఉమ్మడి పిటిషన్ వేసుకోవడం అన్నిటికన్నా శుభ్రమైన మార్గం. ఆ సెక్షన్‌లోని ఆరు నెలల వ్యవధిని తగిన కేసుల్లో కోర్టు మినహాయించవచ్చని సుప్రీంకోర్టు 2017లో చెప్పింది. సుముఖంగా లేకపోతే, మన చట్టంలోని కారణం మీద ఇక్కడే విడాకుల కేసు వేయాలి. పెళ్లి జరిగిన ఊరి కోర్టుకు అధికార పరిధి ఉంటుంది కనుక ఇద్దరూ విదేశాల్లో ఉన్నా కేసు వేసే చోటు దొరుకుతుంది. డిక్రీ బలమైనదే అయినా అవతలి కుటుంబం వివాదం లేవదీస్తుందన్న అనుమానం ఉంటే, వైవాహిక స్థితిని ప్రకటించమని ఫ్యామిలీ కోర్టులో డిక్లరేషన్ కోరవచ్చు. ఫ్యామిలీ కోర్టుల చట్టం 7వ సెక్షన్ ఆ అధికారాన్ని ఇస్తుంది. గుంటూరు యువకుడు వేవర్ నకలు చూపించాక అటువైపు వకీలు ఒప్పుకున్నారు కనుక అతనికి డిక్లరేషన్ అవసరం పడలేదు.

సబ్ రిజిస్ట్రార్ కార్యాలయంలో కొత్త పెళ్లిని నమోదు చేయించేటప్పుడు వయసు, చిరునామా రుజువులు, ఫొటోలు, సాక్షులతో పాటు విడాకుల డిక్రీ నకలు ఇవ్వాలి. అక్కడ కాగితం తీసుకున్నారు కదా అని డిక్రీ చెల్లినట్టు అనుకోవద్దు. సివిల్ ప్రొసీజర్ కోడ్ 13వ సెక్షన్ కింద డిక్రీ మంచిచెడ్డలు తేల్చే అధికారం ఆ కార్యాలయానికి లేదు. పాత పెళ్లి చట్టం దృష్టిలో రద్దు కాకపోతే, నమోదు చేసిన కొత్త పెళ్లి కూడా చెల్లదు. మొదటి భార్య లేదా భర్త ఫిర్యాదు చేస్తే భారతీయ న్యాయ సంహిత 82వ సెక్షన్ కింద ఏడేళ్ల దాకా శిక్ష పడవచ్చు. మొదటి పెళ్లి సంగతి దాచి చేసుకుంటే అది పదేళ్ల దాకా ఉంటుంది.

చివరగా నకళ్ల సంఖ్య. అపోస్టిల్ ఉన్న పత్రాలు కనీసం రెండు సెట్లు తెప్పించుకోండి. కోర్టులో దాఖలు చేసిన సెట్టు కేసు ముగిసేవరకు చేతికి రాదు, కొత్త జీవిత భాగస్వామి వీసాకు అదే పత్రం మళ్లీ అడుగుతారు. ఇక్కడ కూర్చుని డాలస్ నుంచి ఇంకో సెట్టు తెప్పించుకోవడానికి వారాలు పడుతుంది.