కంపెనీ కాగితాలు చదవడం, 4వ పాఠం: ఈ లెక్క ఏ నాటిది?

పోయిన పాఠంలో కార్పొరేట్ వ్యవహారాల మంత్రిత్వ శాఖ వెబ్‌సైట్‌లో, అంటే అందరూ ఎంసీఏ అని పిలిచే దాంట్లో, కంపెనీ పేరు కొట్టి మాస్టర్ డేటా తెరవడం దాకా వచ్చాం. ఆ పేజీలో రెండు తేదీలను అప్పుడు కావాలనే వదిలేశాను. ఈ పాఠమంతా ఆ రెండు తేదీల గురించే.

విజయవాడ ఆటోనగర్‌లో అట్టపెట్టెల యూనిట్ నడిపే మా బావమరిది 2024 నవంబరు 18న ఫోన్ చేశాడు. కొత్త పార్టీ ఒకటి ఎనిమిది లక్షల సరుకు అడుగుతోందట, డబ్బు మాత్రం 60 రోజుల తర్వాత. "బావా, కంపెనీ యాక్టివ్ అనే చూపిస్తోంది. డబ్బు కట్టి బ్యాలెన్స్ షీట్ కూడా తీశాను, అప్పులు పెద్దగా లేవు. పంపేయనా?" అని అడిగాడు. స్క్రీన్‌షాట్ పంపమన్నాను. అందులో మనకు పనికొచ్చే మూడు లైన్లు ఇవి:

```
Company Status: Active
Date of Last AGM: 30/09/2023
Date of Balance Sheet: 31/03/2023
```

వాడు చూసింది మొదటి లైను. చూడాల్సింది మూడోది.

బ్యాలెన్స్ షీట్ అనేది ఒక రోజు తీసిన ఫొటో. మన దేశంలో కంపెనీల ఆర్థిక సంవత్సరం ఏప్రిల్ 1న మొదలై మార్చి 31న ముగుస్తుంది కాబట్టి, ఆ ఫొటో మార్చి 31 సాయంత్రానిది. విదేశీ కంపెనీకి అనుబంధంగా ఉన్నవి అనుమతి తెచ్చుకుని వేరే సంవత్సరం పాటించవచ్చు గానీ, మనకు రోజూ తగిలేవన్నీ మార్చివే. మా వాడు 2024 నవంబరులో కూర్చుని 2023 మార్చి నాటి ఫొటో చూస్తున్నాడు. అంటే పందొమ్మిదిన్నర నెలల పాతది.

మరి కంపెనీ ఎగ్గొట్టిందా, లేక ఇంకా గడువు ఉందా? ఇక్కడే చాలామంది తడబడతారు. లెక్క పాతదైనంత మాత్రాన కంపెనీ ఆలస్యం చేసినట్టు కాదు. ఆలస్యం చేయకపోయినా లెక్క బాగా పాతదై ఉండొచ్చు. ఇవి రెండు వేర్వేరు ప్రశ్నలు.

గడువులు ఇలా నడుస్తాయి. మార్చి 31న పుస్తకాలు మూశాక ఆడిట్ జరుగుతుంది. ఆరు నెలల్లోపు, అంటే సెప్టెంబరు 30 లోపు, వాటాదారుల వార్షిక సమావేశం పెట్టి ఆ లెక్కలు వాళ్ల ముందుంచాలి. స్క్రీన్ మీద AGM అంటే ఇదే. సమావేశం జరిగిన 30 రోజుల్లోపు లెక్కలను AOC-4 అనే ఫారంతో ఎంసీఏకి ఎక్కించాలి. 60 రోజుల్లోపు వార్షిక రిటర్ను, MGT-7, వేయాలి. చిన్న కంపెనీలకైతే అది MGT-7A. కంపెనీ ఆఖరి రోజు దాకా ఆగి సమావేశం పెట్టిందనుకుంటే AOC-4కి అక్టోబరు 30, MGT-7కి నవంబరు 29 వస్తాయి. సమావేశం జూన్‌లోనే పెట్టేస్తే గడువు కూడా అంత తొందరగానే వస్తుంది. అసలు సమావేశమే పెట్టకపోతే తప్పించుకోవచ్చా అంటే, అదీ లేదు. పెట్టాల్సిన ఆఖరి తేదీ నుంచి ఆ 30 రోజులు లెక్కేస్తారు.

ఇప్పుడు ఒక చిన్న కూడిక చేద్దాం. అన్నీ పద్ధతిగా చేసే కంపెనీ ఒకటి ఉంది, దాని ఆడిటర్‌కు మాత్రం ఎప్పుడూ ఆఖరి వారమే తెల్లవారుతుంది. మీరు 2024 అక్టోబరు 29న దాని పేజీ తెరిస్తే `Date of Balance Sheet` ఎదురుగా 31/03/2023 అనే ఉంటుంది. దాదాపు 19 నెలల పాత లెక్క, అయినా కంపెనీ తప్పేమీ చేయలేదు. మర్నాడు కొత్తది ఎక్కిస్తే ఆ వయసు ఒక్కసారిగా ఏడు నెలలకు దిగుతుంది. కాబట్టి లిస్టు కాని కంపెనీ లెక్క ఏడు నెలలకూ పందొమ్మిది నెలలకూ మధ్య ఊగుతూ ఉంటుందని గుర్తుంచుకోండి. చేతిలో ఉన్న లెక్క 19 నెలలు దాటిందంటే మాత్రం కంపెనీని కారణం అడగాలి.

మా వాడి కేసు పందొమ్మిదిన్నర. అక్టోబరు 30 దాటి 19 రోజులైంది. ఆలస్యానికి ఫారానికి రోజుకు 100 రూపాయల అదనపు రుసుము ఉంటుంది, అంటే అప్పటికి 1,900 రూపాయలు. కంపెనీకి అదేం పెద్ద మొత్తం కాదు. ఆడిటర్ దగ్గర ఫైళ్లు పేరుకుని ఇలా రెండు మూడు వారాలు జారిపోవడం మామూలే, దాన్నిబట్టే దొంగ కంపెనీ అనేయలేం. రెండేళ్ల లెక్కలు లేకపోతే అది వేరే కథ. వరసగా మూడేళ్లు వేయకపోతే డైరెక్టర్లు ఐదేళ్ల పాటు అనర్హులవుతారు. గమనించాల్సింది ఏమిటంటే, ఈ 19 రోజుల్లోనూ మొదటి లైను `Active` అనే చూపిస్తోంది. రిజిస్టరులోంచి కంపెనీ పేరు తీసేయలేదు అనేంతవరకే ఆ మాటకు అర్థం. లెక్కలు తాజాగా ఉన్నాయో లేదో అది చెప్పదు.

ఇంకో మెలిక కూడా ఉంది. ఆ రెండు తేదీలూ ఫారం ఎక్కించాకే మారతాయి. సెప్టెంబరు 30న సమావేశం నిజంగానే జరిగి ఉన్నా, ఫారం వెళ్లేదాకా సైటు పాత తేదీనే చూపిస్తుంది. "మీరు AGM పెట్టలేదట కదా" అని పార్టీని నిలదీస్తే నవ్వులపాలవుతాం.

పైన చెప్పిన కూడిక పనిచేయని సందర్భాలు కొన్ని ఉన్నాయి. ముఖ్యమైనది కొత్త కంపెనీ. జనవరి 1న గానీ ఆ తర్వాత గానీ పుట్టిన కంపెనీకి మొదటి ఆర్థిక సంవత్సరం ఆ వచ్చే మార్చిలో కాకుండా, ఆ పై ఏడాది మార్చి 31న ముగుస్తుంది. పైగా మొదటి సమావేశానికి ఆరు నెలలు కాదు, తొమ్మిది నెలలు టైమిస్తారు. 2023 ఫిబ్రవరి 10న రిజిస్టరైన కంపెనీని తీసుకోండి. మొదటి లెక్కలు 2024 మార్చి 31 నాటివి, సమావేశానికి గడువు 2024 డిసెంబరు 31, AOC-4కి 2025 జనవరి 30. అంటే పుట్టిన దాదాపు రెండేళ్ల దాకా తేదీల గడి ఖాళీగా ఉన్నా తప్పు పట్టలేం. అందుకే గడి ఖాళీగా కనబడితే ముందు రిజిస్ట్రేషన్ తేదీ చూడండి. కంపెనీ గుర్తింపు సంఖ్య, అంటే సీఐఎన్, మధ్యలో ఉండే నాలుగంకెలు పుట్టిన సంవత్సరాన్ని చెబుతాయి గానీ, ఇక్కడ నెల కూడా కావాలి.

రెండో సందర్భం, ప్రభుత్వమే గడువు జరపడం. కరోనా ఏడాది 2020లో సమావేశాల గడువును డిసెంబరు 31 దాకా పొడిగించారు. 2025లో సమావేశం గడువు కదలలేదు గానీ, అదనపు రుసుము లేకుండా ఫారాలు వేసుకోవడానికి అక్టోబరులోనే సర్క్యులర్ ఇచ్చి వెసులుబాటు కల్పించారు. నవంబరు, డిసెంబరు నెలల్లో పేజీ చూసేవాళ్లు ఆ ఏడాది సర్క్యులర్ ఏమైనా వచ్చిందేమో చూసి గానీ "ఆలస్యం" అనే మాట వాడకూడదు. ఇక ఏకవ్యక్తి కంపెనీకి సమావేశం అక్కర్లేదు. మార్చి 31 నుంచి 180 రోజుల్లో AOC-4 వేస్తే సరిపోతుంది.

పార్టీ వాళ్లు చేతికిచ్చే కాగితాల మీద సంవత్సరం పేర్లు ఇంకో గందరగోళం. 2023-24, ఎఫ్‌వై24 రెండూ ఒకటే, 2024 మార్చితో ముగిసిన ఏడాది. అదే ఆదాయపు పన్ను రిటర్ను మీద అసెస్‌మెంట్ ఇయర్ 2024-25 అని ఉంటుంది. ఆదాయం మాత్రం 2023-24దే. ఇది చూసి "ఇదిగో కొత్త ఏడాది లెక్క" అనుకున్నవాళ్లను నేను చాలామందిని చూశాను. 2026 ఏప్రిల్ నుంచి కొత్త చట్టంలో అసెస్‌మెంట్ ఇయర్ పోయి ట్యాక్స్ ఇయర్ వచ్చింది. పాత కాగితాలు మాత్రం ఇంకా చాలా కాలం మన చేతికి వస్తూనే ఉంటాయి.

ఇక మా వాడి దగ్గరికి వద్దాం. లెక్క పాతదని తేలింది, మరి కొత్త సమాచారం ఎక్కడ దొరుకుతుంది? మాస్టర్ డేటా పేజీ అంతా ఒకే గడియారం మీద నడవదు. లెక్కలు ఏడాదికోసారి వస్తాయి. డైరెక్టర్ మారినా, రిజిస్టర్డ్ ఆఫీసు మారినా 30 రోజుల్లో చెప్పాలి. ఆస్తి తాకట్టు పెట్టి అప్పు తెస్తే CHG-1 ఫారం కూడా 30 రోజుల్లో వేయాలి, అదనపు రుసుముతో ఇంకొన్నాళ్లు సాగదీయొచ్చు. తాకట్టుల జాబితాలోకి ఎక్కకపోతే రేపు కంపెనీ మునిగినప్పుడు బ్యాంకుకే నష్టం, కాబట్టి బ్యాంకే వెంటపడి వేయిస్తుంది. అందుకే నా అనుభవంలో ఆ పేజీ మొత్తంలో అన్నిటికంటే తాజాగా ఉండేది ఈ జాబితానే.

తెరిపించాను. 2024 ఆగస్టులో ఒక బ్యాంకుకు సరుకునిల్వల మీదా రావలసిన బాకీల మీదా 2 కోట్లకు తాకట్టు ఉంది. వాడు చదివిన బ్యాలెన్స్ షీట్‌లో మొత్తం అప్పు 40 లక్షలు. రెండూ నిజమే, మధ్యలో పదిహేడు నెలలు గడిచాయి. ఒక జాగ్రత్త: ఆ 2 కోట్లు బ్యాంకు ఇచ్చిన పరిమితి. కంపెనీ అంతా వాడుకుందని అర్థం కాదు. వ్యాపారం పెరిగి తెచ్చుకున్నదీ కావచ్చు. కానీ మనం పంపే అట్టపెట్టెలు వాళ్ల గోడౌన్‌లోకి వెళ్లగానే బ్యాంకు తాకట్టులో భాగమైపోతాయన్నది మాత్రం ఖాయం.

పార్టీని రెండే అడగమన్నాను: 2024 మార్చి 31 నాటి ఆడిటైన బ్యాలెన్స్ షీట్, ఏప్రిల్ నుంచి అక్టోబరు దాకా జీఎస్‌టీ రిటర్నులు. "ఆడిట్ అయిపోయిందండీ, అప్‌లోడ్ ఒక్కటే మిగిలింది" అన్నారట. ఆ మాట నిజమో కాదో తేల్చుకోవడానికి దారి ఉంది. ఆడిటర్ నివేదిక కింద సంతకం దగ్గర యూడీఐఎన్ అనే 18 అక్షరాల నంబరు ఉంటుంది. అందులో మొదటి రెండు అంకెలు సంవత్సరం, తర్వాతి ఆరు ఆడిటర్ సభ్యత్వ నంబరు. `udin.icai.org`లో దాన్ని కొట్టి సరిచూసుకోవచ్చు. ఆడిట్ నిజంగా అయిపోయి ఉంటే ఆ నంబరు ఇవ్వడానికి ఎవరికీ ఇబ్బంది ఉండదు.

నాలుగు రోజులకు కాగితం వచ్చింది, నంబరు సరిపోయింది. అప్పు కోటీ పది లక్షలు, అమ్మకాలు కూడా పెరిగాయి. మా వాడు ఎనిమిది లక్షలకు బదులు మూడు లక్షల సరుకు 30 రోజుల గడువు మీద పంపాడు.

లిస్టయిన కంపెనీలకు ఈ తంటా ఇంత ఉండదు. మూడు నెలలకోసారి, త్రైమాసికం ముగిసిన 45 రోజుల్లో ఫలితాలు ఇవ్వాలి. మార్చి త్రైమాసికానికి మాత్రం ఏడాది ఆడిట్‌తో కలిపి 60 రోజులు. జూన్ లెక్క ఆగస్టు 14కల్లా వచ్చేస్తుంది. అవి చదవడంలో వేరే చిక్కులున్నాయి, ఆరో పాఠంలో చూద్దాం.

అభ్యాసం. ఈ రెండిటికీ కాగితం మీద తేదీలు వేసుకుని జవాబు రాయండి. ఒకటి, 2024 జూలై 5న చూస్తే బ్యాలెన్స్ షీట్ తేదీ 31/03/2022 అని ఉంది. ఎన్ని నెలల పాతది, గడువు దాటిందా? రెండు, 2022 డిసెంబరు 20న పుట్టిన కంపెనీ పేజీ 2023 నవంబరు 10న చూస్తే గడి ఖాళీ. తప్పు పట్టొచ్చా? రెండో దాంట్లో పుట్టిన నెలను జాగ్రత్తగా చూడండి. జవాబులు వచ్చే పాఠం మొదట్లో ఇస్తాను.