ఉంగరాల గడ్డం ఉన్నవారు పొక్కులు రాకుండా గీసుకోవడం ఎలా?

గడ్డం గీసుకున్న ఒకటి రెండు రోజులకు మెడ మీద, దవడ కింద పొక్కులు లేచి, మీసం చోట మాత్రం ఏమీ కనిపించకపోతే, దానికి సబ్బును గానీ ఒంట్లో వేడిని గానీ నిందించి లాభం లేదు. మంచి వెలుతురులో అద్దం దగ్గరగా పెట్టుకుని ఒక పొక్కును పరీక్షగా చూడండి. చర్మం కింద ముడుచుకుపోయిన నల్లని వెంట్రుకో, రెండు కొసలూ చర్మంలోనే ఉన్న చిన్న ఉచ్చో కనిపిస్తుంది. ఉంగరాలు తిరిగే వెంట్రుక పదునుగా తెగాక నిటారుగా పెరగదు, వంగి మళ్లీ చర్మంలోకే గుచ్చుకుంటుంది. దాన్ని శరీరం విరిగిన ముల్లుగానే లెక్కించి అక్కడ వాపు తెస్తుంది. గుండ్రని అంచుతో, పొట్టు రాలుతూ వ్యాపించే దురద మచ్చ అయితే అది తామర కావచ్చు కనుక, ఇక్కడ చెప్పే పద్ధతి దానికి పనికిరాదు.

ఇక సాధనం సంగతి. నా లెక్కలో ఉంగరాల గడ్డానికి మొదటి స్థానం ట్రిమ్మర్‌ది. నున్నగా గీసుకోక తప్పని ఉద్యోగం ఉన్నవారికి ఒకే బ్లేడు ఉండే సేఫ్టీ రేజర్. ఒకటి కన్నా ఎక్కువ బ్లేడ్లు ఉండే కార్ట్రిడ్జ్ రేజర్‌ను నేను ఈ గడ్డం ఉన్న ఎవరికీ సిఫారసు చేయను. జాగ్రత్తగా వాడితే దానితోనూ ఇబ్బంది పడనివారు ఉన్నారు, కాదనను. కానీ అది పనిచేసే తీరే ఈ గడ్డానికి ప్రతికూలం. 1971లో జిల్లెట్ కంపెనీ రెండు బ్లేడ్ల రేజర్‌ను అమ్మకానికి పెట్టినప్పటి నుంచీ ఈ తరహా రేజర్ల గురించి గొప్పగా చెప్పుకునేది ఒకటే: మొదటి బ్లేడు వెంట్రుకను కొంచెం పైకి లాగుతుంది, అది వెనక్కి జారేలోపు రెండోది కోస్తుంది. దానితో తెగిన కొస చర్మం పైభాగం కన్నా కిందికి దిగిపోతుంది. నిటారు వెంట్రుక ఉన్నవారికి దీని వల్ల నునుపు వస్తుంది. ఉంగరాల వెంట్రుక ఉన్నవారికి మాత్రం ఆ కొస బయటికి రాకముందే లోపలే పక్కకు తిరిగి గుచ్చుకుంటుంది.

పొక్కులు ఉన్న చర్మం మీద ఏ రేజరూ పెట్టకండి. సుమారు నాలుగు వారాలు, అవి అణిగేదాకా, ట్రిమ్మర్‌కు ఒక మిల్లీమీటరు దువ్వెన తగిలించి మాత్రమే కత్తిరించుకోవాలి. మొదటి వారంలో దురద పెరుగుతుంది, చూడటానికి కూడా బాగుండదు. చాలామంది అక్కడే ఓడిపోయి మళ్లీ రేజర్ అందుకుంటారు. పైకి కనిపిస్తున్న ఉచ్చులను శుభ్రమైన సూదితో మెల్లగా ఎత్తి కొసను బయటికి తీస్తే చాలు. లోపల ఉన్నవాటి కోసం తవ్వకూడదు, వెంట్రుకను పీకకూడదు. పీకిన చోట మళ్లీ మొలిచే వెంట్రుక బయటికి వచ్చే దారిలోనే చర్మంలోకి దిగవచ్చు.

ఆ తరువాత ట్రిమ్మర్‌తోనే సరిపెట్టుకునేవారికి పని దాదాపు అయిపోయినట్టే. అర మిల్లీమీటరు నుంచి ఒక మిల్లీమీటరు దాకా మొలకను ఉంచుకోండి, ట్రిమ్మర్ తలను చర్మానికి నొక్కకండి, దాని పళ్లను వారానికోసారి బ్రష్‌తో శుభ్రం చేసి ఒక చుక్క నూనె వేయండి. దూరం నుంచి చూసేవారికి అది గీసుకున్న గడ్డం లాగే ఉంటుంది.

సేఫ్టీ రేజర్‌కు వెళ్లేవారు ముందు చేయవలసిన పని గడ్డం వాలు కనిపెట్టడం. అందరూ తప్పు చేసేది ఇక్కడే. రెండు రోజుల గడ్డం ఉన్నప్పుడు పొడి చేత్తో మెడను నాలుగు వైపులకూ నిమరండి. చేతికి మెత్తగా జారే వైపు వాలు, గరుకుగా తగిలే వైపు ఎదురు. చెంప మీద వాలు కిందికే ఉంటుంది కనుక మెడ మీద కూడా అంతే అనుకుంటారు. మెడ మీద అది చోటు చోటుకూ మారుతుంది. నాకు తెలిసిన ఒక హోటల్ రిసెప్షనిస్టుకు ఎన్ని క్రీములు మార్చినా కుడి వైపు మెడ అడుగున అరచేతి వెడల్పు మేర పొక్కులు పోలేదు. నిమిరి చూస్తే అక్కడి వెంట్రుకలు కాలరు దగ్గర మొదలై గడ్డం వైపు పైకి పెరుగుతున్నాయి. ఆయన అందరిలాగే పై నుంచి కిందికి గీస్తూ, వాలుగా గీస్తున్నాననుకుంటూ, ప్రతిరోజూ ఎదురు గీస్తున్నారు. మేనేజర్‌ను ఒప్పించి నాలుగు వారాలు ట్రిమ్మర్‌తో గడిపి, తరువాత ఆ ఒక్క భాగాన్ని కింది నుంచి పైకి, రోజు విడిచి రోజు గీయడం మొదలుపెట్టారు. కొత్త పొక్కులు బాగా తగ్గాయి. పాత నల్ల మచ్చలు పోవడానికి మాత్రం నెలలు పట్టింది.

వాలు తెలిశాక గోరువెచ్చని నీటితో గడ్డం నానబెట్టి, జెల్ లేదా క్రీము పట్టించి రెండు మూడు నిమిషాలు ఆగండి. బ్లేడు కొత్తదో, నాలుగైదు సార్లకు మించి వాడనిదో అయి ఉండాలి. పిడిని చర్మానికి సుమారు 30 డిగ్రీల కోణంలో పట్టుకుని, రేజర్ బరువు మీదే అది సాగేలా, రెండు మూడు సెంటీమీటర్ల చిన్న గీతలు గీయండి, ప్రతి గీత తరువాత నీటిలో కడగండి. చేతికి బలం పెట్టాలనిపించిందంటే బ్లేడు మొద్దుబారిందనో కోణం తప్పిందనో అర్థం.

రెండో చేత్తో చర్మాన్ని సాగదీయకండి. ఈ మాటను నొక్కి చెబుతున్నాను, ఎందుకంటే సాగదీసి గీస్తే ఒక్క బ్లేడుతోనే కార్ట్రిడ్జ్ చేసే పని జరుగుతుంది: చర్మాన్ని వదలగానే తెగిన కొస లోపలికి పోతుంది. ఒకసారి గీసిన చోట మళ్లీ గీయవద్దు, ఎదురు గీత అసలే వద్దు. వేలికి కొంచెం గరుకు తగలాలి. అద్దంలా నున్నగా వచ్చిందని మురిసిపోయేవారికే మూడో రోజు పొక్కులు వస్తాయి. సెలూన్‌కు వెళ్లినా బొటనవేలితో చర్మం లాగి, రెండోసారి ఎదురు గీసి, పటిక రుద్దడం మామూలే కనుక, కుర్చీలో కూర్చున్నప్పుడే కొత్త బ్లేడు వేయమనీ, ఒక్కసారే, వాలుగా మాత్రమే గీయమనీ చెప్పాలి. కొత్తగా వచ్చిన మంగలికి ఈ మాట నచ్చకపోవచ్చు, పట్టించుకోకండి.

ముగించాక చల్లని నీళ్లతో కడిగి, మెత్తగా అద్ది, ఆల్కహాల్ లేని మాయిశ్చరైజర్ రాయడమే చాలు. మందుల షాపులో అడిగి తెచ్చుకునే స్టెరాయిడ్ క్రీములు రాయవద్దు. అవి రెండు రోజులు మంట తగ్గించి, రోజూ వాడితే చర్మాన్ని పలచబరుస్తాయి. చీము పట్టినా, పొక్కులు గట్టిపడి పెద్దవవుతున్నా చర్మవైద్యుల దగ్గరకు వెళ్లండి. రోజూ నున్నగా గీసుకోక తప్పనివారు వెంట్రుకలను తొలగించే లేజర్ గురించి ఆలోచించవచ్చు. అయితే చామనచాయ, నలుపు చర్మాలకు 1064 నానోమీటర్ల ఎన్‌డీ యాగ్ లేజరే ఎక్కువ సురక్షితం కాబట్టి, డబ్బు కట్టే ముందు ఆ క్లినిక్‌లో ఉన్న యంత్రం ఏదో చెప్పమని అడగండి.